16 అంకెల గడిలోనే కార్డు నంబరు దాచాలి: బిన్ 8 అంకెలైతే చివరి నాలుగూ అలాగే వదలొచ్చా?

గవర్నర్‌పేట_బ్యాచ్

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక సహకార బ్యాంకు డెబిట్ కార్డుల లెక్క గురించి అడుగుతున్నాను. ఏటీఎం స్విచ్ నుంచి రోజూ రాత్రి ఒక ఫైలు వస్తుంది. దాన్ని ఏఎస్/400 మీద పాత కోబోల్ ప్రోగ్రాములు 31 చదువుతాయి. కార్డు నంబరు గడి ఇదీ:

```
05  WS-CARD-NO    PIC X(16).
```

ఈ గడి వెడల్పు మారిస్తే 31 ప్రోగ్రాములూ, వాటి ఇండెక్సులూ, సార్ట్ కార్డులూ అన్నీ మార్చాలి. అది కుదరదన్నారు. అందుకని పొడవు మారకుండా, అంకెలు అంకెలుగానే ఉండేలా ఎన్‌క్రిప్ట్ చేద్దామని అనుకున్నాం. మొదటి ఆలోచన ఏంటంటే ముందు 6, చివర 4 అలాగే వదిలి మధ్య 6 దాచడం. ఇప్పుడు బిన్, అంటే ఏ బ్యాంకుదో ఏ రకం కార్డో చెప్పే మొదటి అంకెలు, 8 కాబట్టి ముందు 8 వదలమంటున్నారు. అప్పుడు మధ్యలో మిగిలేది నాలుగే అంకెలు. ఇది సరిపోతుందా?

ఆటోనగర్_కిరణ్

ఇంత కష్టం ఎందుకండీ, మామూలు ఏఈఎస్ పెట్టేయండి. ఏదో ఒక పొడవులో వస్తుంది కదా, పక్కన ఇంకో టేబుల్లో దాచుకుని ఈ గడిలో నక్షత్రాలు పెట్టండి. పొడవూ రూపమూ మారకుండా దాచే ఎఫ్‌పీఈ కావాలంటే ఎఫ్‌ఎఫ్3-1 తీసుకోండి. దానికి 8 రౌండ్లే, ఎఫ్‌ఎఫ్1కి 10. త్వరగా అవుతుంది.

కోబోల్_మాష్టారు

కిరణ్ గారూ, గడిలో నక్షత్రాలు పెడితే ఏ రెండు కార్డులూ వేరు కావు. ఈ ప్రోగ్రాములు కార్డు నంబరు మీదే సార్ట్ చేసి, దాని మీదే రెండు ఫైళ్లు కలుపుతాయి. ఏఈఎస్ నేరుగా వాడితే 16 బైట్లకి తక్కువ రాదు, అవి అచ్చయ్యే అక్షరాలుగా మార్చితే 24 అవుతాయి. గడి 16. అక్కడే ఆగిపోతుంది.

ఎఫ్‌ఎఫ్3-1 మాత్రం కొత్తగా ఎక్కడా పెట్టకండి. ఎఫ్‌ఎఫ్3 మీద 2017లోనే డురాక్, వోదనే దాడి చూపించారు. దాన్ని సరిచేసి ఎఫ్‌ఎఫ్3-1 తెస్తే 2021లో బెయ్న దాని మీదా దాడి చూపించాడు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2025 ఫిబ్రవరి ముసాయిదాలో ఆ కుటుంబాన్నే తీసేసి ఎఫ్‌ఎఫ్1 ఒక్కటే ఉంచింది. రెండు రౌండ్ల తేడాతో రాత్రి బ్యాచ్‌లో కలిసొచ్చేది ఏమీ లేదు.

ఇక అసలు ప్రశ్న. నాలుగు అంకెలు చాలవు. వాళ్ల 2016 ప్రమాణంలో కనీసం 100 విలువలుంటే చాలన్నారు. తర్వాతి ముసాయిదాల్లో అది పది లక్షలైంది. చిన్న పరిధిలో ఈ పద్ధతి బలహీనపడుతుందని దాడులు చూపించాక పెంచారు. మీ పాత 6+4 పద్ధతిలో మధ్య ఆరు అంకెలంటే సరిగ్గా పది లక్షలు, గీత మీదే నిలబడింది. 8+4లో పదివేలే.

బ్రాడీపేట_రమ్య

పదివేలు కూడా కాదు మాష్టారూ. కార్డు చివరి అంకె మిగతా అంకెల నుంచి లెక్కకట్టే లూన్ తనిఖీ అంకె. ముందు 8, చివరి 4 తెలిస్తే మధ్య నాలుగు అంకెల్లో పదో వంతు మాత్రమే లూన్‌కి సరిపోతాయి. అంటే వెయ్యి. ఫైలు చూసినవాడికి ప్రతి వరుసకీ అసలు కార్డు ఈ వెయ్యిలో ఒకటి అని తెలిసిపోతుంది. ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైనా ఈ లెక్క మారదు. అది మనం కళ్ళముందు వదిలేసిన పన్నెండు అంకెల వల్ల వచ్చింది.

అందుకే ఏ పద్ధతి అనే ముందు, ఆ చివరి నాలుగు అంకెలు ఏ ప్రోగ్రాముకి కావాలో కనుక్కోండి. 31లో చాలావాటికి అక్కర్లేకపోవచ్చు.

గవర్నర్‌పేట_బ్యాచ్

వెతికి చూశాం. చివరి నాలుగు చదివేవి రెండే. ఒకటి ఎస్ఎంఎస్ పంపేది, రెండోది కౌంటరు చీటీ అచ్చేసేది. మొదటి ఎనిమిది మాత్రం చాలా చోట్ల కావాలి, ఏ రకం కార్డో దాన్ని బట్టే తేలుస్తాయి.

కోబోల్_మాష్టారు

అయితే దారి దొరికింది. ఆ రెండింటికీ విడిగా ఒక సేవ పెట్టండి. అది గుప్తసంఖ్య తీసుకుని చివరి నాలుగు మాత్రమే తిరిగిస్తుంది, మొత్తం నంబరు ఇవ్వదు. మిగతా 29 ప్రోగ్రాములకీ ముందు 8 అలాగే కనిపిస్తుంది, వెనక 8 దాగి ఉంటుంది.

వెనక 8లో కూడా 16వ అంకెని ఎన్‌క్రిప్ట్ చేయనక్కర్లేదు. అది మిగతా పదిహేను నుంచి లెక్కకట్టి తెచ్చుకోదగ్గదే. 9 నుంచి 15 వరకు ఏడు అంకెలు ఎఫ్‌ఎఫ్1కి ఇవ్వండి. కోటి విలువలు, పది లక్షల గీతకి పైన. ఎఫ్‌ఎఫ్1 ఆ ఏడింటినీ 3, 4గా విడదీస్తుంది. ఒక ముక్కని ఏఈఎస్‌లో తిప్పి, వచ్చిన సంఖ్యని రెండో ముక్కకి కలుపుతుంది. కూడిక పొంగితే మోసుకొచ్చే అంకెని వదిలేస్తుంది. ముక్కలు మార్చుకుంటూ పదిసార్లు ఇలాగే. చివరికి ఏడు అంకెలే వస్తాయి.

16వ గడిలో సరైన తనిఖీ అంకెకి ఒకటి కలిపి రాయండి, 9 అయితే 0. అప్పుడు దాచిన ప్రతి నంబరుకీ లూన్ మొత్తాన్ని పదితో భాగిస్తే శేషం 1 వస్తుంది, అసలు కార్డుకి 0 వస్తుంది. ఇది ఎందుకు చెబుతున్నానో రేపు రాత్రి బ్యాచ్ మధ్యలో పడిపోయినప్పుడు తెలుస్తుంది.

గవర్నర్‌పేట_బ్యాచ్

మధ్యలో పడిపోతే మళ్లీ మొదటి నుంచి నడుపుతాం. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

కోబోల్_మాష్టారు

అక్కడే పడుతుంది దెబ్బ. లక్ష వరుసల ఫైల్లో అరవై వేలు దాచాక జాబ్ ఆగిందనుకోండి. మళ్లీ మొదటి నుంచి నడిపితే ఆ అరవై వేలు రెండోసారి ఎన్‌క్రిప్ట్ అవుతాయి. మామూలుగా అయితే ఏదో ఒక లోపం సందేశం వచ్చేది. ఇక్కడ రాదు. లోపలికి వెళ్లేది 16 అంకెలు, బయటికి వచ్చేదీ 16 అంకెలే. ప్రోగ్రాము సంతోషంగా పూర్తవుతుంది. తెల్లారి సరిచూపు లెక్కలో అరవై వేల కార్డులు ఎవరివీ కావని తేలుతుంది. గుర్తు పెట్టకపోతే ఒకసారి దాచినవాటిలో కూడా యాదృచ్ఛికంగా పదో వంతు లూన్‌కి సరిపోతాయి, రెండుసార్లు దాచినవాటిలోనూ అంతే. చూసి చెప్పడం అసాధ్యం.

ఒక సంఖ్యతో చూడండి. పరీక్షలకి అందరూ వాడే 4111111111111111 తీసుకుందాం. ముందు 8 అంకెల లూన్ మొత్తం 18, తర్వాత ఎనిమిదిది 12, కలిపి 30. శేషం సున్నా. ఇప్పుడు ఏడు అంకెలు 1111111ని ఎఫ్‌ఎఫ్1కి ఇస్తే 5730284 వచ్చిందనుకుందాం, అసలు వచ్చేది మీ తాళంచెవిని బట్టి. ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేస్తూ, రెండంకెలు వస్తే వాటిని కలుపుతూ పోతే 1, 7, 6, 0, 4, 8, 8, మొత్తం 34. పద్దెనిమిది కలిపితే 52. సరైన తనిఖీ అంకె 8, మనం రాసేది 9. ఫైల్లో పడేది 4111111157302849. దాని మొత్తం 61, శేషం 1.

జాబ్ మొదట్లోనే ఈ మూడు పంక్తులు ఉండాలి:

```
r = luhn_sum(card) % 10
r == 0 -> encrypt
r == 1 -> skip    other -> reject
```

బ్రాడీపేట_రమ్య

వరుస వరుసకీ చూస్తే చాలదు, ఫైలు మొత్తానికీ చూడాలి. ఒక అంకె తప్పు పడిన వరుస శేషం కొన్నిసార్లు 1 కూడా కావచ్చు, అప్పుడు దాన్ని దాచినట్టే లెక్కేస్తారు. స్విచ్ నుంచి వచ్చిన తాజా ఫైల్లో అన్నీ 0 ఉండాలి, పూర్తయిన ఫైల్లో అన్నీ 1. కలగాపులగంగా కనిపిస్తే జాబ్ ఆపి మనిషి చూడాలి. ఆ అరవై వేల సందర్భంలో కూడా అంతే.

ఇంకోటి, మొదటిసారి పాత డేటా మొత్తం దాచే ముందు లూన్ పరీక్ష పెట్టండి. పాత పట్టికల్లో చేత్తో కొట్టిన నంబర్లూ, పరీక్ష కార్డులూ ఉంటాయి. మాష్టారు చెప్పిన పద్ధతిలో 16వ అంకెని మనం లెక్కకట్టి తెచ్చుకుంటాం కదా, అసలే తప్పున్న నంబరుని విప్పితే సరైన అంకెతో బయటికొస్తుంది. అంటే లోపలికి వెళ్లింది ఒకటి, వచ్చింది వేరొకటి.

ఆటోనగర్_కిరణ్

ఎఫ్‌ఎఫ్3-1 గురించి ఒప్పుకుంటున్నాను, మాష్టారూ. ఎఫ్‌ఎఫ్1కి తాళంచెవితో పాటు ఇచ్చే ట్వీక్ సంగతేంటి? అది కూడా తాళంచెవి లాంటిదే కదా, తాళంచెవులు దాచే పెట్టె హెచ్‌ఎస్‌ఎంలో భద్రంగా పెట్టాలి.

కోబోల్_మాష్టారు

ట్వీక్ రహస్యం కాదు కిరణ్ గారూ. అది అందరికీ కనిపించినా పర్లేదు. దాని పని ఒక్కటే: ఒకే తాళంచెవితో, ఒకే ఏడు అంకెలకి, వేర్వేరు సందర్భాల్లో వేర్వేరు జవాబు రావడం. ఇక్కడ ముందు 8 అంకెల బిన్‌నే ట్వీక్‌గా ఇవ్వండి. రెండు రకాల కార్డుల్లో ఏడు అంకెలు ఒకటే అయినా దాచిన రూపాలు వేరవుతాయి. తాళంచెవి మాత్రం హెచ్‌ఎస్‌ఎం దాటకూడదు.

ఏఎస్/400 వాళ్లు తడబడేది ఇక్కడే. ట్వీక్ అంటే అంకెలు కాదు, బైట్లు. ఏఎస్/400 అక్షరాలు ఎబ్సిడిక్‌లో ఉంటాయి, అక్కడ 4 అంటే F4. లైనక్స్ పెట్టెలో ఆస్కీ, అక్కడ 4 అంటే 34. ఏఎస్/400 మీద దాచి, లైనక్స్ మీద విప్పితే ట్వీకే మారిపోతుంది. ఎక్కడా లోపం రాదు. చూడ్డానికి చక్కగా ఉన్న, ఎవరిదో తెలియని కార్డు నంబరు బయటికొస్తుంది. ఎన్ఐఎస్‌టీ ఇచ్చిన నమూనాలతో రెండు యంత్రాల్లోనూ సరిచూడండి:

```
key   2B7E151628AED2A6ABF7158809CF4F3C
PT    0123456789
tweak (empty)               -> 2433477484
tweak 39383736353433323130  -> 6124200773
```

మొదటి నమూనాకి ట్వీక్ లేదు కాబట్టి రెండు చోట్లా పాసవుతుంది. అది చూసి పని అయిపోయిందనుకోకండి. రెండోదాని ట్వీక్ ఆస్కీలో 9876543210. ఏఎస్/400 మీద దాన్ని అక్షరాలుగా కొట్టి ఇస్తే F9తో మొదలవుతుంది, జవాబు తప్పుతుంది. ఆ తప్పు పరీక్షలోనే పట్టుబడాలి.

బ్రాడీపేట_రమ్య

మాష్టారూ, ఇక్కడే నాకు మీ పద్ధతితో పేచీ. 8 అంకెలూ దాస్తే, తప్పు ట్వీక్‌తోనో పాత తాళంచెవితోనో విప్పినప్పుడు పదింటిలో తొమ్మిది లూన్ తప్పుతాయి, వెంటనే గంట మోగుతుంది. ఏడే దాచి, ఎనిమిదోది లెక్కకట్టి పెడితే తప్పుగా విప్పిన నంబరు కూడా ఎప్పుడూ లూన్‌కి సరిగ్గా కూర్చుంటుంది. దాచేటప్పుడు పట్టుబడే తప్పు కోసం విప్పేటప్పుడు పట్టుబడే తప్పుని వదులుకున్నాం.

కోబోల్_మాష్టారు

ఆ మాట నిజమే. దాన్ని పూడ్చడానికి ప్రతి ఫైల్లో మొదటి వరుసగా తెలిసిన పరీక్ష కార్డు ఒకటి పెట్టి, విప్పే సేవ ముందు అదే విప్పాలి. జవాబు సరిపోకపోతే మిగతా వరుసల జోలికి పోకూడదు. రెండుసార్లు దాచడం నేను ఎక్కువసార్లు జరిగే ప్రమాదంగా చూస్తాను, అందుకే గుర్తు వైపు మొగ్గాను. మీరు 8 దాచి, గుర్తు కోసం ఎక్కడైనా ఒక బైటు దొరకబుచ్చుకోగలిగితే అది ఇంకా మంచిది.

మిర్చియార్డు_బిల్లింగ్

గుంటూరులో కమీషన్ కొట్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాది. కొనేవాళ్ల కార్డు నంబర్లు మళ్లీ మళ్లీ అడగకుండా దాచుకోవాలని అడుగుతున్నారు. మీరు చెప్పిన ఏడంకెల పద్ధతే మేమూ పెట్టొచ్చా?

బ్రాడీపేట_రమ్య

వద్దండి, మీ సంగతి వేరు. 2022 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కార్డు ఇచ్చిన బ్యాంకూ, కార్డు నెట్‌వర్కూ తప్ప మధ్యలో ఎవరూ కార్డు నంబరు నిల్వ ఉంచుకోకూడదు. ఎన్‌క్రిప్ట్ చేసినా అది కార్డు నంబరే, విప్పితే బయటికొస్తుంది. మీరు ఉంచుకోదగ్గవి చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు. మళ్లీ వాడుకోవడానికి మీ పేమెంట్ గేట్‌వే ద్వారా నెట్‌వర్క్ టోకెన్ తీసుకోండి. అది ఆ కొట్టుకే పనికొస్తుంది, దొంగిలించినా వేరే చోట చెల్లదు. ఇక్కడ అడిగిన వారు కార్డు ఇచ్చే బ్యాంకు కాబట్టి వారికి ఈ చర్చ.

మిర్చియార్డు_బిల్లింగ్

అర్థమైందండి. పాత డేటా ఉంది, ఇవాళే చెరిపిస్తాను.

తెనాలి_సభ్యత్వం

కార్డులు కాదు, నాకు ఆధార్ గురించి కావాలి. సహకార సంఘం సభ్యుల పట్టికలో 12 అంకెల గడి ఉంది. ఇదే ఎఫ్‌ఎఫ్1తో 12 అంకెలూ దాచి అక్కడే పెట్టేస్తే?

కోబోల్_మాష్టారు

ముందు యాంత్రికంగా చెప్తాను. ఆధార్ 0తోనూ 1తోనూ మొదలు కాదు, చివరి అంకె వెర్హోఫ్ తనిఖీ అంకె. 12 అంకెలూ అలాగే ఎఫ్‌ఎఫ్1కి ఇస్తే ఐదింటిలో ఒకటి 0 లేదా 1తో మొదలవుతుంది, పదింటిలో తొమ్మిది వెర్హోఫ్ తప్పుతాయి. మీ తెర ఆ రెండూ తనిఖీ చేస్తే నూటికి ఎనిమిదే పాసవుతాయి. సరైన రూపం వచ్చేదాకా మళ్లీ మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేస్తూ పోవచ్చు, సగటున పన్నెండున్నర సార్లు పడుతుంది. విప్పేటప్పుడు కూడా సరైన రూపం తగిలేదాకా వెనక్కి నడుస్తూ వస్తే అసలు నంబరు దొరుకుతుంది.

బ్రాడీపేట_రమ్య

యంత్రం కుదిరినా నిబంధన కుదరాలి కదా. యూఐడీఏఐ 2017 ఆదేశం ప్రకారం ఆధార్ నంబరు ఆధార్ డేటా వాల్ట్‌లో మాత్రమే ఉండాలి, తాళంచెవి హెచ్‌ఎస్‌ఎంలో ఉండాలి. మిగతా పట్టికల్లో రిఫరెన్స్ కీ మాత్రమే ఉండాలి. ఆ కీ ఒక్కదాన్ని బట్టి అసలు నంబరు వెనక్కి తెచ్చుకోలేకపోవాలి.

కోబోల్_మాష్టారు

తాళంచెవి లేనివాడు ఎఫ్‌ఎఫ్1 జవాబు నుంచి వెనక్కి రాలేడు కదా, రమ్య గారూ. ఆ వాక్యానికి అది సరిపోతుందని నా అభిప్రాయం.

బ్రాడీపేట_రమ్య

తాళంచెవి బయటపడిన రోజు పట్టికలన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. యాదృచ్ఛికంగా పుట్టిన 12 అంకెలైతే వాల్ట్ పట్టిక చేతికొస్తే తప్ప ఏమీ తెరుచుకోదు. ఆ వాక్యం రాసినవాళ్ల ఉద్దేశం అదేనని నేను చదువుతాను. తెనాలి గారూ, మీరు మీ ఆడిటర్‌తో రాతపూర్వకంగా తేల్చుకునే దాకా పెట్టకండి. రిఫరెన్స్ కీ 12 అంకెలుగానే పుట్టించి, వాల్ట్‌లో ఒకదానికొకటి జత చేసుకున్నా మీ గడి మారదు.

ఆటోనగర్_కిరణ్

చిన్న హెచ్చరిక. దాచిన ఫైలుని ఎవరైనా ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే పోయినట్టే. అది 15 అంకెల దాకానే నమ్మకంగా పట్టుకుంటుంది, 16వ అంకె 0 అయిపోతుంది. మన గుర్తే ఆ 16వ అంకెలో ఉంది. శేషాలు 0 నుంచి 9 దాకా చెల్లాచెదురుగా, చివరి అంకెలన్నీ సున్నాలుగా కనిపిస్తే కారణం అదే. ఆ గడిని టెక్స్ట్‌గా దిగుమతి చేయాలి.

కోబోల్_మాష్టారు

బాగా పట్టుకున్నారు.

బ్రాడీపేట_రమ్య

ఇంకోటి చెప్పి ఆపుతాను. దాచే సేవని ఎవరు పిలవగలరో చూసుకోండి. విప్పే హక్కుని అందరూ కాపాడతారు, దాచే హక్కుని వదిలేస్తారు. ఎవరి చేతిలోనైనా ఒక ఎస్ఎంఎస్ ఉంటే చివరి నాలుగు తెలుసు, బిన్ ఎటూ తెలుసు. మిగిలిన వెయ్యి నంబర్లనీ దాచే సేవకి ఇచ్చి, వచ్చిన జవాబుల్లో ఏది ఫైల్లో ఉందో చూస్తే చాలు. అసలు కార్డు దొరికిపోతుంది, తాళంచెవి అక్కర్లేదు. బ్యాచ్ యూజరు తప్ప ఎవరూ పిలవకూడదు, గంటకి ఎన్ని పిలుపులో లాగ్‌లో కనిపించాలి. వెతకడానికి సులువని పక్కన తాళంచెవి లేని హాష్ గడి పెడితే సేవ కూడా అక్కర్లేకుండా ఆ వెయ్యీ తన లాప్‌టాప్‌లోనే క్షణంలో తేల్చుకుంటాడు.

గవర్నర్‌పేట_బ్యాచ్

హాష్ గడి మా ప్రణాళికలో ఉంది, తీసేస్తాం. ఒక సందేహం మిగిలింది. తాళంచెవి మార్చినప్పుడు ఏ వరుస పాతదో, ఏది కొత్తదో ఎలా తెలియాలి? గడిలో వర్షన్ రాయడానికి చోటు లేదు. శేషం 1 అంటే మొదటి తాళంచెవి, 2 అంటే రెండోది అని పెట్టుకోవచ్చా?

కోబోల్_మాష్టారు

పెట్టుకోవచ్చు, తొమ్మిది తాళంచెవుల దాకా చోటుంది. ఒక్కో తాళంచెవికీ ఒక్కో పరీక్ష కార్డు వరుస పెట్టండి. ముందే తెలిసుండాల్సింది ఏంటంటే, మార్చిన రాత్రి పాత ఫైళ్లన్నీ విప్పి మళ్లీ దాచాలి. పాత తాళంచెవితో దాచిన కార్డూ, కొత్తదానితో దాచిన అదే కార్డూ వేర్వేరుగా కనిపిస్తాయి కాబట్టి మధ్యలో నడిచే ఏ జతకలిపే జాబ్ అయినా ఖాతాలు విడిపోయినట్టు చూపిస్తుంది. ఆ 29 ప్రోగ్రాములనీ ఆ రాత్రికి ఆపాలి.

బ్రాడీపేట_రమ్య

శేషాల్లో వర్షన్లు పెట్టడానికి నేను ఒప్పుకోను. ఇప్పుడు 0, 1 తప్ప మిగతావన్నీ తప్పు వరుసలని పట్టిస్తున్నాయి. తొమ్మిదీ వాడేస్తే ఒక అంకె మారిన ప్రతి వరుసా ఏదో ఒక తాళంచెవి వర్షన్‌గా చెల్లిపోతుంది. 1, 2 రెండే వాడి, మార్పు పూర్తయ్యాక మళ్లీ 1కి తిరిగి రండి.

గవర్నర్‌పేట_బ్యాచ్

రెండింటితోనే మొదలుపెడతాం. ముందు ఎబ్సిడిక్ సంగతి తేల్చాలి. రెండో నమూనా ఏఎస్/400 మీద ఇప్పుడే నడిపి చూశాం, 6124200773 రాలేదు.